స్లైడును తెలుగు చేస్తే చాలదు

మిరప రైతుల శిక్షణలో చూపే స్లైడుల్లో ఒకే వరుసలో తెలుగూ ఇంగ్లీషూ కలిసి ఉంటాయి. వాటికి రాతలో సారాంశం తయారుచేయాలంటే ఇంగ్లీషు మాట ఉన్నచోటల్లా తెలుగు మాట పెడితే చాలని చాలామంది నమ్మకం. పల్నాడు లాంటి మిరప సీమలో ఈ నమ్మకం రైతుకు నష్టం చేస్తుంది. ఉదాహరణకు స్లైడులో ఇలా ఉందనుకుందాం: ‘ఈటీఎల్ దాటితే ఓన్లీ స్ప్రే, సేమ్ గ్రూప్ రిపీట్ వద్దు’. మాటకు మాట మారిస్తే ‘నష్ట పరిమితి దాటితే పిచికారీ మాత్రమే, అదే మందు మళ్ళీ వద్దు’ అవుతుంది. చూడటానికి చక్కని తెలుగే, కానీ రెండు సగాలూ తప్పే. మొదటి సగం చదివినవాడు జిగురు అట్టల్లాంటివి మానేసి మందే కొట్టాలనుకుంటాడు. చెప్పదలచింది ‘దాటితేనే కొట్టాలి’ అని. రెండో సగం ఇంకా ప్రమాదం. స్పినోసాడ్ కొట్టిన రైతు ఈసారి మందు మార్చాననుకుని స్పినెటోరం కొడతాడు. పేర్లు వేరైనా రెండూ పురుగు మీద ఒకే తీరున పనిచేసే ఒకే గ్రూపు మందులు. వాటినే మళ్ళీ మళ్ళీ కొడితే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది.

కాబట్టి ముందు చేయాల్సింది వాక్యానికి క్రియనూ షరతునూ తిరిగి ఇవ్వడం: ‘పురుగు ఈటీఎల్ దాటినప్పుడే మందు కొట్టాలి. ఒకసారి కొట్టిన మందు ఏ గ్రూపుదో, వెంటనే మళ్ళీ ఆ గ్రూపు మందు కొట్టకూడదు.’ ఈటీఎల్‌ను, గ్రూపును అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విప్పి చెప్పాలి. ఆ తర్వాత ఒక వస్తువుకు ఒకే పేరు వాడాలి. త్రిప్స్ అన్నా తామర పురుగు అన్నా ఒకటే గనుక వాటిని కలపవచ్చు. నల్ల తామర పురుగును మాత్రం అందులో కలపకూడదు. 2021లో మిరపను దెబ్బతీసిన ఆ కొత్త జాతి ముఖ్యంగా పూలలో చేరుతుంది. పాత తామర పురుగు గుర్తు ఆకుల పైముడత. పేర్లు కలిపేస్తే రైతు ఆకులు చూసి పూలను వదిలేస్తాడు.

తరగతిలో అందరికీ అర్థమైన భాషను మార్చడం ఎందుకని కొందరంటారు. అక్కడ చెప్పే మనిషి ఉంటాడు, అడిగితే విప్పుతాడు. కాగితం ఒంటరిగా ఇంటికి వెళుతుంది. విప్పి రాస్తే స్లైడులో లేనిది చేర్చినట్టవుతుందనే అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అందుకే వాక్య నిర్మాణం సరిచేయవచ్చు గాని, మోతాదునూ షరతునూ ఊహించి రాయకూడదు. ‘ఓన్లీ’ దేనికి చెందుతుందో తేలకపోతే పాఠం చెప్పినవారినే అడగాలి. వారు దొరకకపోతే ఆ వరుసను ఉన్నదున్నట్టు ఉంచి, అర్థం తేలలేదని పక్కనే రాయాలి. చెప్పినవారు చూసి సరేననే వరకు ఆ సారాంశాన్ని రైతు చేతికి ఇవ్వకూడదు.