ఆ లింక్ నేను నొక్కలేదు సార్!

"ఈ లింక్ గడువు ముగిసింది లేదా ఇప్పటికే వాడేశారు." ఈ మెసేజ్‌లో నాకు ఒళ్లుమండేది ఆ 'లేదా' దగ్గరే. గడువు ముగిస్తే కొత్త లింక్ అడిగితే సరిపోతుంది. వాడేశారంటే మాత్రం, ఎవరు వాడారు అని అడగాలి. రెండింటినీ ఒకే గాటన కట్టేసరికి మనమే ఏదో ఆలస్యం చేశామనుకుని ఊరుకుంటాం.

మా రూమ్మేట్ సంగతే చూడండి. ఒక ఇంటర్న్‌షిప్ పోర్టల్. స్టూడెంట్ అని రుజువు కావాలి కాబట్టి కాలేజీ మెయిల్ ఐడీ మాత్రమే తీసుకుంటుంది. ముందు ఐడీ ఇస్తే లింక్ వస్తుంది, అది తెరిచాక పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. లింక్‌కి 24 గంటల గడువు. వీడు ఏడు నిమిషాల్లోనే నొక్కాడు. అయినా అదే మెసేజ్. మళ్లీ సైన్ అప్ చేస్తే "ఈ ఈమెయిల్‌తో ఇప్పటికే అకౌంట్ ఉంది" అంది. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డే పెట్టుకోలేదు. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే ఇంకో లింక్ వచ్చింది, అది కూడా అప్పటికే "వాడేశారు"! హెల్ప్‌డెస్క్ వాళ్లు రెండు రోజుల తర్వాత "బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయండి" అని రాశారు. ఈలోపు అప్లికేషన్ లాస్ట్ డేట్ దాటిపోయింది.

నాకు అనుమానం వచ్చి ఒక చిన్న పేజీ రాసి, ఉచిత హోస్టింగ్‌లో పెట్టి, దాని లింక్‌ని నా కాలేజీ మెయిల్‌కీ సొంత జీమెయిల్‌కీ పంపుకున్నాను. రెండు మెయిల్స్‌నీ తెరవకుండా సర్వర్ లాగ్ చూస్తూ కూర్చున్నా. జీమెయిల్‌కి పంపిన లింక్ కదల్లేదు. కాలేజీ మెయిల్‌కి పంపింది మాత్రం ఇలా:

```
21:14:02  mail sent
21:14:06  GET /verify?token=7be1
```

నాలుగు సెకన్లు. నొక్కింది నేను కాదు, మెయిల్ సెక్యూరిటీ స్కానర్. చాలా కాలేజీలు, కంపెనీల మెయిల్ సిస్టమ్స్‌లో ఇది ఉంటుంది. ఫిషింగ్ లింకులేమైనా ఉన్నాయేమో అని మనకంటే ముందు తనే తెరిచి చూస్తుంది. హాస్టల్ గేట్ దగ్గర వాచ్‌మన్ పార్సిల్ విప్పి చూడటం లాంటిది. అది అతని డ్యూటీ. అతను విప్పగానే 'డెలివరీ అయిపోయింది' అని రాసుకుని వెళ్లిపోయే కొరియర్ వాడిదే తప్పు.

హెచ్‌టీటీపీ రూల్ కూడా ఇదే చెబుతుంది. GET అంటే చూపించడానికి మాత్రమే, దాంతో ఏదీ మారకూడదు. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2616లోనే ఈ మాట ఉంది. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకుల్ని ముందుగానే తెరిచిపెట్టేది. అప్పుడు కొన్ని వెబ్ యాప్స్‌లో 'డిలీట్' లింకులు కూడా తెరుచుకుని జనం డేటా పోయింది. అప్పుడు డిలీట్ లింకులకు జరిగిందే ఇప్పుడు వెరిఫికేషన్ లింకులకు జరుగుతోంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పాస్‌వర్డ్ ముందే పెట్టుకునే సైట్లలో, ఎవడో మీ కాలేజీ ఐడీతో అకౌంట్ తెరిచాడనుకోండి. మీరు ఆ మెయిల్ చూడకముందే స్కానర్ లింక్ తెరుస్తుంది, అకౌంట్ వెరిఫై అయిపోతుంది. పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉంది. ఇక ఆ వెరిఫికేషన్ దేనికి?

సరిచేయడానికి పెద్ద పనేం లేదు. GET వస్తే ఒక బటన్ ఉన్న పేజీ చూపించాలి, అంతే. ఆ బటన్ నొక్కితే వెళ్లే POST దగ్గరే టోకెన్ ఖర్చవ్వాలి. జావాస్క్రిప్ట్‌తో ఆ ఫామ్‌ని ఆటోమేటిక్‌గా సబ్మిట్ చేయిస్తే మళ్లీ మొదటికే వస్తాం, ఎందుకంటే కొన్ని స్కానర్లు పేజీని నిజమైన బ్రౌజర్‌లోనే నడుపుతాయి. అంతకంటే గట్టిగా కావాలంటే లింక్ బదులు ఆరంకెల కోడ్ పంపొచ్చు. స్కానర్ దాన్ని చదవగలదేమో గానీ మీ స్క్రీన్ మీద టైప్ చేయలేదు కదా. కాకపోతే ఐదారు తప్పు ప్రయత్నాల తర్వాత కోడ్ రద్దవ్వాలి, లేకపోతే గుడ్డిగా ఊహించి పట్టేస్తారు.

మీకే ఇలా జరిగితే, పాస్‌వర్డ్ ముందే పెట్టుకున్న సైట్ అయితే ఎర్రర్‌ని పట్టించుకోకుండా ఒకసారి లాగిన్ చేసి చూడండి. స్కానర్ పుణ్యమా అని అకౌంట్ అప్పటికే వెరిఫై అయి ఉండొచ్చు. కాకపోతే కొత్త లింక్ అడిగి, వచ్చిన నిమిషంలోనే నొక్కండి. అప్పుడు కూడా అదే ఎర్రర్ వస్తే అది గడువు సమస్య కాదు. హెల్ప్‌డెస్క్‌కి "లింక్ పనిచేయట్లేదు" అని రాయకండి, క్యాష్ క్లియర్ చేయమంటారు. "నా టోకెన్‌కి మొదటి GET ఎన్ని గంటలకు, ఏ ఐపీ నుంచి వచ్చిందో లాగ్‌లో చూడండి" అని రాయండి. వీలైతే మెయిల్ వచ్చిన టైమ్, మీరు నొక్కిన టైమ్ కూడా ఇవ్వండి.

మన ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్ రాస్తున్న టీమ్‌కి ఒక మాట: టెస్టింగ్ మీ జీమెయిల్‌తో కాదు, కాలేజీ ఐడీతో చేయండి.