బడి సంచిలో బరువు ఎవరి చేతిలో ఉంది?

ఆరో తరగతి చదివే ఒక పాపకు సాయంత్రమయ్యేసరికి మెడ కింద, రెండు రెక్కల నడుమ నొప్పి. బస్సు దిగి ఇంటికి రాగానే మంచం మీద వాలిపోతుంది. ఆదివారం ఆ నొప్పి ఉండదు, దసరా సెలవుల్లో అసలే లేదు. పరీక్షించిన డాక్టరు ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. ముందు పాపనూ, ఆమె బ్యాగునూ తూచి చూడమన్నారు. పాప బరువు 28 కిలోలు, బ్యాగు బరువు 6.7 కిలోలు. అంటే ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు.

ఆ బ్యాగును వంటింటి తూకం మీద వస్తువు వస్తువుగా పెట్టి చూస్తే లెక్క ఇలా తేలింది. ఖాళీ బ్యాగే 800 గ్రాములు. అయిదు పాఠ్యపుస్తకాలు కిలోన్నర. క్లాస్‌వర్కుకు ఒకటి, హోంవర్కుకు ఒకటి చొప్పున నాలుగు సబ్జెక్టులకు ఎనిమిది లాంగ్ నోటుబుక్కులు, అవి రెండు కిలోలు. ఐఐటీ ఫౌండేషన్ పేరిట ఇచ్చిన మెటీరియల్ 700 గ్రాములు. నిండా నీళ్లు పోసిన లీటరు స్టీలు బాటిల్ కిలో మూడు వందలు. జామెట్రీ బాక్సు, డైరీ, పెన్నుల పౌచ్ కలిపి 400 గ్రాములు. లంచ్ బ్యాగు చేతిలో వేరే ఉంది, దాన్ని ఇందులో కలపలేదు.

కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదు. ఆరు, ఏడు తరగతులకు రెండు నుంచి మూడు కిలోలన్నది అందులోని లెక్క. అంతకుముందు 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులో అదే తరగతులకు నాలుగు కిలోల దాకా అనుమతి ఉంది. 28 కిలోల పాపకు నాలుగు కిలోలంటే ఏడో వంతు. అదే తరగతిలో 42 కిలోల పిల్లవాడికి ఆ బ్యాగు పెద్ద బరువు కాదు. పక్క బెంచీలో 24 కిలోలున్న బక్కపిల్లకు అది ఆరో వంతు. అందుకే తరగతిని బట్టి ఒకే అంకె పెట్టడం కన్నా పిల్లల ఒంటి బరువును బట్టి చూడటమే సబబు. జూన్‌లో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి పిల్లల బరువు చూసుకుంటే చాలు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పదో వంతు అన్నది దాటగానే వెన్ను దెబ్బతినే గీత కాదు. బ్యాగులకూ పిల్లల వెన్నునొప్పికీ ఉన్న సంబంధంపై వచ్చిన 69 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2018లో వైద్య పత్రికలో వచ్చింది. బ్యాగు బరువే వెన్నునొప్పి తెస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని అది తేల్చింది. బ్యాగు మోస్తే వెన్నెముక పక్కకు వంకరపోతుందన్న భయానికీ ఆధారం లేదు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, ఆటలు లేకపోవడం, నిద్ర చాలకపోవడం కూడా నొప్పికి కారణాలే. మరి హద్దు ఎందుకంటే, బరువు పెరిగేకొద్దీ శరీరం దాన్ని ఎలా సర్దుకుంటుందో కంటికి కనిపిస్తుంది గనక. వీపు మీది బరువు వెనక్కి లాగుతుంది. పడిపోకుండా ఉండటానికి పిల్లలు నడుము దగ్గర ముందుకు వంగి, దారి చూడటానికి మెడను ముందుకు సాచుతారు. మెడ, భుజాల కండరాలు ఆ భంగిమను నిలబెట్టడానికే అలసిపోతాయి. మన పాప నొప్పి సరిగ్గా అక్కడే ఉంది, బడి ఉన్న రోజుల్లోనే వస్తోంది. పట్టీల కింద ఎర్రటి చారలు పడటం, చేతివేళ్లు తిమ్మిరెక్కడం కూడా బరువు ఎక్కువైందనడానికి గుర్తులే.

అలా కాకుండా సెలవుల్లోనూ తగ్గని నొప్పి, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి వచ్చే నొప్పి, కాళ్లలో బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం కనిపిస్తే నెపం బ్యాగు మీద వేసి ఊరుకోకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. మామూలు నొప్పి అనిపించినా కొన్ని వారాలైనా తగ్గకపోతే అంతే.

మోసే పద్ధతితోనూ కొంత తేడా వస్తుంది. అన్నిటికన్నా బరువైన పుస్తకం వీపుకు ఆనుకునే అరలో ఉండాలి. బయటి జేబులో పెడితే అదే బరువు మరింతగా వెనక్కి లాగుతుంది. రెండు పట్టీలూ వేసుకోవాలి. బ్యాగు అడుగు నడుము కిందికి నాలుగు అంగుళాల కన్నా జారకుండా పట్టీలు బిగించాలి. ఏటా జూన్‌లో కొత్త బ్యాగు పట్టీలు వదులుగా ఉన్నవి ఉన్నట్టే వాడే పిల్లలే ఎక్కువ. బ్యాగును నేల మీద నుంచి ఒంటిచేత్తో విసురుగా లేపి భుజాన వేసుకోకుండా, అరుగు మీదో బల్ల మీదో పెట్టి తగిలించుకోవాలి. స్కూటర్ వెనక కూర్చునే పిల్లల వీపున బ్యాగు ఉంచితే దారి పొడవునా వెనక్కి లాగుతుంది, దాన్ని ముందు ఫుట్‌బోర్డు మీద పెట్టుకోవాలి. చక్రాల బ్యాగు చదునైన చోట బాగానే ఉంటుంది గానీ, క్లాసు మూడో అంతస్తులో ఉంటే మెట్ల మీద దాన్ని చేత్తో మోయాల్సిందే.

అయితే 6.7 కిలోలను ఎంత బాగా మోసినా అది 6.7 కిలోలే. తగ్గించగలిగేది ఎంతో అదే పాప బ్యాగులో చూద్దాం. 500 గ్రాముల తేలికపాటి బ్యాగు కొంటే 300 గ్రాములు తగ్గాయి. స్టీలు బాటిల్‌కు బదులు తేలికది తీసుకుని, బస్సు ప్రయాణానికి సరిపడా అర లీటరు నీళ్లు పోస్తే మరో 650. ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఇంతే, మొత్తం 950 గ్రాములు. అదీ బడిలో తాగదగ్గ నీళ్లు ఉంటేనే. విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో సురక్షితమైన తాగునీరు ఉండాలంటోంది, కాబట్టి ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు.

మిగతాది బడి చేయాల్సింది. పక్కపక్కన కూర్చునే ఇద్దరు పుస్తకాలు పంచుకుని తెచ్చుకునేలా చెబితే పాప వంతుకు అయిదింటి బదులు రెండే వస్తాయి, 900 గ్రాములు తగ్గుతుంది. క్లాస్‌వర్కు, హోంవర్కు ఒకే నోటుబుక్కులో రాయిస్తే కిలో. ఫౌండేషన్ మెటీరియల్ క్లాసులోనే బీరువాలో ఉంచితే 700. మొత్తం 2.6 కిలోలు. బ్యాగు 3.15 కిలోలకు దిగింది. ఇంకా పదో వంతు కన్నా కాస్త ఎక్కువే. రెండు వందల పేజీల నోటుబుక్కులకు బదులు వంద పేజీలవి వాడితే ఆ మిగులూ పోతుంది.

తగ్గిన మూడున్నర కిలోల్లో దాదాపు ముప్పాతిక వంతు బడి నిర్ణయాల వల్లే తగ్గింది. తల్లిదండ్రులకు ‘అనవసరమైనవి పంపకండి’ అని సర్క్యులర్ పంపి చేతులు దులుపుకునే యాజమాన్యాలకు ఈ లెక్క చూపించాలి. ఏ పుస్తకం ఏ రోజు తేవాలో పాప నిర్ణయించదు. సోషల్ సార్ ఈ రోజు పుస్తకం అడగవచ్చు, అడక్కపోవచ్చు. తేకపోతే బయట నిలబెడతారన్న భయంతో అన్నీ నింపుకుని వెళ్తుంది. ప్రతి శనివారం బ్యాగు లేకుండా రమ్మనడం మంచిదే, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న బరువును అది ఒక్క గ్రాము తగ్గించదు.

2020 విధానం బడిలో తూకం యంత్రం ఉండాలంది. యంత్రం కొంటే సరిపోదు. తనిఖీకి వచ్చే మండల విద్యాధికారి రిజిస్టర్లు చూసే ముందు, ఉదయం బస్సులు దిగే వేళకు గేటు దగ్గర నిలబడి ప్రతి తరగతిలో అయిదారుగురిని బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి తూచి, ఆ అంకెలను తరగతివారీగా నోటీసు బోర్డు మీద పెట్టించాలి. తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల మీద సాగే చర్చలో పది నిమిషాలు టైంటేబుల్‌కు కేటాయించి, ఒకే రోజున ఎన్ని సబ్జెక్టుల పుస్తకాలు నిజంగా తెరుస్తున్నారో టీచర్లను అడగాలి.