అయిదు నక్షత్రాలు చాలవు: పెంపుడు జంతువులున్న ఇళ్లకు ఒక విజ్ఞప్తి

వానాకాలంలో ఒక ఉదయం సికింద్రాబాద్‌లోని ఒక ఇంట్లో బ్రూనో పెరుగన్నం ముట్టలేదు. ఆరేళ్ల లాబ్రడార్, 30 కిలోల బరువు. గిన్నె చప్పుడైతే చాలు పరిగెత్తుకొచ్చే కుక్క ఆ రోజు మూలన పడుకుని తలెత్తలేదు. చెవి మడతలో రెండు గోమార్లు కనిపించాయి. ఇంటావిడ దగ్గర్లోని క్లినిక్‌ల కోసం ఫోన్‌లో వెతికితే, అయిదుకు 4.8 వచ్చిన ఒకటి అన్నిటికంటే పైన కనిపించింది. ‘సూపర్ డాక్టర్’, ‘చాలా ఫ్రెండ్లీ’, ‘మా పప్పీకి ఒక్క రోజులో తగ్గిపోయింది’. పదుల కొద్దీ మనుషులు అవే మాటలు రాశారు. ఆమె నమ్మి అక్కడికే తీసుకెళ్లారు.

అక్కడ బ్రూనోకి జ్వరం చూడలేదు, చిగుళ్లు చూడలేదు, రక్తం తీయలేదు. ఒక సెలైన్ ఎక్కించి మూడు ఇంజెక్షన్లు చేశారు. 3,800 రూపాయల బిల్లు మీద ఉన్నది ‘ట్రీట్‌మెంట్’ అన్న ఒక్క మాటే. సాయంత్రానికి బ్రూనో లేచి అన్నం తింది, తోక ఊపింది. ఆ రాత్రే ఆమె కూడా సంతోషంగా అయిదు నక్షత్రాలు ఇచ్చారు.

నాలుగో రోజు తెల్లవారుజామున బ్రూనో ముక్కులోంచి రక్తం కారి పరుపు తడిసింది.

ఆ మూడు ఇంజెక్షన్లలో ఒకటి స్టెరాయిడ్ అని ఆమె రెండుసార్లు ఫోన్ చేసి అడిగితే గానీ తెలియలేదు. స్టెరాయిడ్ పడితే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, ఒకటి రెండు రోజులు కుక్క హుషారుగా తిరుగుతుంది. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినప్పుడు మంచి డాక్టర్లు కూడా కొందరు స్టెరాయిడ్ వాడతారు, అందుకే ఆ మందు వాడటమే తప్పని అనలేం. రక్తం చూడకుండా, పేరు చెప్పకుండా, అసలు జబ్బుకు మందు రాయకుండా వాడటం తప్పు. ఇంటికి రాగానే రాసే రివ్యూలతో ప్రమాదం కూడా ఇదే. అవి ఆ సాయంత్రపు తోక ఊపును లెక్కపెడతాయి, నాలుగో రోజు ముక్కు రక్తం వాటి లెక్కలోకి రాదు.

తర్వాత ఆమె బ్రూనోను తీసుకెళ్లిన రెండో క్లినిక్‌కు ఉన్నవి 3.9 నక్షత్రాలే. ‘చాలాసేపు కూర్చోబెట్టారు’ అన్నదే అక్కడి ఫిర్యాదుల్లో ఎక్కువ. ఎందుకు కూర్చోబెట్టారో బ్రూనో వంతు వచ్చాక అర్థమైంది. డాక్టరు కుక్కను బల్ల మీదకి ఎత్తించలేదు. తానే నేల మీద కూర్చుని, చెయ్యి వాసన చూడనిచ్చి, ఆ తర్వాతే థర్మామీటర్ తీశారు. జ్వరం 104. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉండటం మామూలే, 104 అంటే గట్టి జ్వరం. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. రక్తం తీసి కణాలు లెక్కపెట్టించారు. కనీసం రెండు లక్షలుండాల్సిన ప్లేట్‌లెట్లు 48 వేలే ఉన్నాయి. మెషీన్ లెక్క ఒక్కోసారి తప్పవచ్చని గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి మైక్రోస్కోపులో కూడా చూశారు. అలా చూడటానికి ఇంకో కారణం ఉంది. గోమార్ల వల్ల వచ్చే జబ్బు ఒకటి కాదు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. బెబీసియా అయితే ఆ ఒక్క మందు చాలదు, వేరే ఇంజెక్షన్ కావాలి. రెండూ కలిసి కూడా రావచ్చు. పలక మీద ప్రతిసారీ క్రిమి దొరకదు కాబట్టి లక్షణాలనూ మిగతా పరీక్షలనూ కలిపి నిర్ణయిస్తారు.

బ్రూనోకి ఎర్లీకియా అని తేలింది. 28 రోజుల డాక్సీసైక్లిన్ రాశారు. బరువును బట్టి పూటకు 150 మిల్లీగ్రాములు, అంటే 100 మాత్ర ఒకటిన్నర చొప్పున రెండు పూటలా, అన్నం పెట్టాకే. ‘పదో రోజుకు బాగా తిరుగుతుంది, అప్పుడు ఆపేయకండమ్మా’ అని రెండుసార్లు చెప్పారు. వారం తర్వాత ప్లేట్‌లెట్ల కోసం మళ్లీ రమ్మన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: ‘ఆర్నెల్ల తర్వాత ఎవరైనా కిట్ టెస్ట్ చేసి పాజిటివ్ అన్నా కంగారు పడకండి. ఆ టెస్ట్ పాత జబ్బు జ్ఞాపకాన్ని కూడా చూపిస్తుంది. కుక్క హుషారుగా ఉండి ప్లేట్‌లెట్లు బాగుంటే మళ్లీ కోర్సు అక్కర్లేదు.’

ఆ ‘అక్కర్లేదు’ అన్న మాటను పెంపుడు జంతువులున్నవాళ్లందరూ గట్టిగా పట్టుకోవాలి. ఒక డాక్టరు ఏమేం చేశారో బిల్లు చెబుతుంది. ఏది వద్దన్నారో బిల్లులో ఉండదు, కొత్తగా వెళ్లేవాళ్లకు అది తెలియాలంటే ఎవరో ఒకరు రాసి పెట్టాలి. తనకు రాబడి తెచ్చే చికిత్సను ముందుగానే వద్దని చెప్పడం కంటే నిజాయితీకి పెద్ద గుర్తు మరొకటి దొరకదు.

బ్రూనో ఇంటావిడ తన పాత అయిదు నక్షత్రాలు తీసేసి, 28 రోజుల కోర్సు అయ్యాక రెండో క్లినిక్ గురించి ఇలా రాశారు: ‘లాబ్రడార్, ఆరేళ్లు, 30 కిలోలు. అన్నం మానేసింది, గోమార్లున్నాయి. ఫీజు 500, రక్త పరీక్ష, స్లైడ్ కలిపి 1,100. మందులు బయట కొనుక్కోమన్నారు. కుక్కను నేల మీదే చూశారు, రక్తం తీసేముందు మూతికి గుడ్డ కట్టారు, నన్ను పక్కనే ఉండనిచ్చారు. ప్రతి మందు పేరూ రాసిచ్చారు. సెలైన్ అక్కర్లేదన్నారు. గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. వారానికి ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు, నెలకు రెండు లక్షల నలభై వేలు.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. అయినా తెల్లవారుజామున జబ్బు కుక్కను ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూస్తున్న మనిషికి ఎటు వెళ్లాలో, ఎంత డబ్బు తీసుకెళ్లాలో, ఎంతసేపు కూర్చోవాలో ఇది చెబుతుంది. ఇలాంటి రివ్యూలు ఒక్కో పేటలో ఓ ఇరవై పోగైతే చాలు, ‘సూపర్ డాక్టర్’ అన్న మాటతో ఎవరికీ పని ఉండదు.

మెత్తదనం గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మూతికి గుడ్డ కట్టడం క్రూరత్వం కాదు. నొప్పితో ఉన్న కుక్క సొంత మనిషినే కరుస్తుంది, ముందే కడితే గొడవ లేకుండా రెండు నిమిషాల్లో పని అవుతుంది. చూడాల్సింది కట్టిన తీరును. కుక్క తోక కాళ్ల మధ్య పెట్టి, పెదవులు నాకుతూ, కనుగుడ్ల తెల్లదనం కనిపించేలా ఓరగా చూస్తోందంటే భయపడుతోందని అర్థం. ఆ సంగతి గమనించి ఆగారా, లేక మెడ పట్టి అదిమారా? పిల్లి అయితే బుట్టలోంచి లాగారా, బుట్ట మూత తీసి అందులోనే చూశారా? రాయవలసినవి ఇవే.

గ్రూమింగ్ పార్లర్ల సంగతి ఇంకా కచ్చితంగా రాయాలి. డాక్టరుకు డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కత్తెర పట్టేవారికి అలాంటి నిబంధన లేదు. మన ఊళ్లలో పామరేనియన్లు ఎక్కువ. ఎండాకాలం రాగానే ‘సమ్మర్ కట్’ అని వాటిని నున్నగా గొరిగేస్తారు. పామరేనియన్‌కు, హస్కీకి, గోల్డెన్ రిట్రీవర్‌కు జుట్టు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి మెత్తటి పొర, బయటి పొడుగాటి పొర కలిసి చర్మాన్ని ఎండ నుంచి కూడా కాపాడతాయి. నున్నగా గొరిగితే కొన్ని కుక్కలకు జుట్టు మళ్లీ సరిగా రాదు. నెలల తరబడి వీపు మీద అక్కడక్కడా బోసిగా ఉండిపోతుంది. వాటికి కావాల్సింది లోపలి పొరలో రాలిన జుట్టును దువ్వి తీయడం, అంతే. ఇది తెలిసిన పార్లర్ మనిషి ‘గొరగక్కర్లేదు మేడమ్, దువ్వి స్నానం చేయిస్తా’ అంటారు, ఆ మాటతో తక్కువ డబ్బే వస్తుందని తెలిసినా సరే. ఇక్కడా గుర్తు అదే ‘అక్కర్లేదు’. జుట్టు చర్మం దాకా అట్టకట్టుకుపోతే మాత్రం గొరగడమే దయ. దువ్వెనతో గంటసేపు పీకడం హింస.

ఇంటికి తెచ్చాక చంకల కింద, పొట్ట మీద ఎర్రటి చారలున్నాయేమో చూడండి. మెషీన్ బ్లేడు వేడెక్కితే అక్కడే కాలుతుంది. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కను బోనులో పెట్టి వేడిగాలి డ్రయర్ తిప్పి వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అద్దంలోంచి చూడనిస్తారా, లోపలికి అసలు రానివ్వరా అన్నది రివ్యూలో ముందుగా రాయాల్సిన సంగతి. కుక్క మరీ అల్లరి చేస్తే మత్తు ఇస్తామని పార్లర్‌లో అంటే వెనక్కి తీసుకొచ్చేయండి. మత్తు డాక్టరు మాత్రమే ఇవ్వాలి.

ఖర్చు ఎక్కువైతే మోసమని రాయడం కూడా అన్యాయమే. అర్ధరాత్రి తలుపు తీసే క్లినిక్‌కు, సొంత ఎక్స్‌రే, రక్త పరీక్షల మెషీన్లు ఉన్న క్లినిక్‌కు ఖర్చులు ఎక్కువ. ఎంత అయిందన్నదాని కంటే ముందుగా చెప్పారా, దేనికెంతో విడిగా రాశారా అన్నది ముఖ్యం. అలాగే పార్వో సోకిన పిల్లకుక్క మంచి వైద్యం అందినా చనిపోవచ్చు. ఆ దుఃఖంలో ‘చంపేశారు’ అని రాస్తే నిజాయితీగా పనిచేసిన డాక్టరు పేరు పోతుంది. కొన్ని రోజులు ఆగండి. ఏ రోజు ఏం చేశారో చీటీలు ముందు పెట్టుకుని రాయండి. ‘దొంగ’ అన్న మాట కంటే ‘3,800 తీసుకున్నారు, మందుల పేర్లు రాసివ్వలేదు’ అన్న వాక్యం బలమైనది, దాన్ని ఎవరూ కాదనలేరు.

క్లినిక్‌లను, పార్లర్లను ఈ కరపత్రం కోరేవి మూడే. ఫీజుల బోర్డు గోడకు పెట్టండి. బిల్లులో ప్రతి ఇంజెక్షన్, ప్రతి పరీక్ష పేరు విడిగా రాయండి. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టర్లే వైద్యం చేయాలి కాబట్టి, ఆ నంబరు అడిగితే ఎవరూ నొచ్చుకోవాల్సిన పని లేదు. వృత్తిలో తప్పు జరిగిందనుకుంటే రాష్ట్ర పశువైద్య మండలికి, సేవాలోపం ఉందనుకుంటే 2019 చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండుచోట్లా మొదట అడిగేది కాగితాలే.

ఈ కరపత్రం చేతికందిన వారు ఈ వారంలో ఒక్క పని చేయండి. చివరిసారి వెళ్లిన క్లినిక్ లేదా పార్లర్ బిల్లు తీయండి. మీ జంతువు బరువు, దానికేమైంది, ఎలా పట్టుకున్నారు, దేనికెంత తీసుకున్నారు, ఏది అక్కర్లేదన్నారు, పది రోజులకు ఎలా ఉంది అన్నవి ఆరు వాక్యాల్లో రాసి, కాలనీలో కుక్కో పిల్లో ఉన్న ప్రతి ఇంటికీ అందేలా చేయండి. బిల్లే ఇవ్వకపోతే, మొదటి వాక్యంలో ఆ సంగతే రాయండి.