ఊహించి కొట్టిన మార్కును నమ్మొద్దు

ఇటిక్యాలలో బీఎస్సీ ముగించి, పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ సీటు కోసం సీపీగెట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి నోట్‌బుక్ చూశాను. తప్పుల పట్టికలో తప్పులు మాత్రమే ఉన్నాయి. అదే లోపం అంటాను నేను. సీపీగెట్‌లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకూడదు, ఆప్షన్లు కొట్టేస్తూ పోవాల్సిందే. ఒక ప్రశ్న చూడండి: రెస్పిరేటరీ కోషెంట్ దేనికి ఒకటి దాటుతుంది? గ్లూకోజ్, కొవ్వు, ప్రోటీన్, మాలిక్ ఆమ్లం. ఈ కోషెంట్ అంటే విడుదలైన కార్బన్ డయాక్సైడ్‌ను వాడిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే విలువ. గ్లూకోజ్‌కు సరిగ్గా 1 అని అందరికీ గుర్తే, కొట్టేయొచ్చు. కొవ్వులో ఆక్సిజన్ తక్కువ, బయటి నుంచి ఎక్కువ కావాలి, విలువ 0.7 దగ్గరే ఆగుతుంది. అదీ పోయింది. మిగిలిన రెంటిలో ఆ అమ్మాయి మాలిక్ ఆమ్లానికి టిక్కు పెట్టింది, మార్కు వచ్చింది. కానీ కారణం తెలియదు. ఆ ఆమ్లంలోనే ఆక్సిజన్ దండిగా ఉంది, అందుకే 3 అణువుల ఆక్సిజన్‌తో 4 అణువుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, విలువ 1.33. పట్టికలో మొదట ఎక్కాల్సింది ఇలాంటి ప్రశ్నే. ప్రాక్టీస్ పేపర్ రాస్తున్నప్పుడే, రెండు ఆప్షన్ల మధ్య ఊగిన ప్రతిచోటా చుక్క పెట్టుకోవాలి. కీ చూశాక పెడితే మనసు 'నాకు తెలుసు' అని అబద్ధం చెబుతుంది. చుక్క ఎదురుగా 'శ్వాసక్రియ' అని కాకుండా 'సేంద్రియ ఆమ్లాల కోషెంట్ ఎందుకు ఎక్కువ' అని రాయాలి. వారం తర్వాత ఆప్షన్లు మూసి, జవాబు కారణంతో సహా చెప్పగలిగితేనే ఆ వరుస కొట్టేయాలి.