ఆఫర్ లెటర్ ముందొచ్చింది, ఆరంకెల కోడ్ తర్వాతొచ్చింది

మా కాలేజీ జూనియర్ ఒకతను, ఫైనల్ ఇయర్ ఈసీఈ. ఒక శుక్రవారం సాయంత్రం అతని వాట్సాప్‌కి ఓ మెసేజ్ వచ్చింది. ‘జాబ్ పోర్టల్‌లో మీ రెజ్యూమె చూశాం. డేటా ప్రాసెసింగ్ అసోసియేట్, ఇంటి నుంచే పని, నెలకి 28 వేలు. ఆసక్తి ఉంటే రిప్లై ఇవ్వండి.’ ప్రొఫైల్ ఫొటోలో పేరున్న కంపెనీ లోగో ఉంది. మనవాడు రిప్లై ఇచ్చాడు. చాట్‌లోనే ఐదు ప్రశ్నలడిగి ‘ఇంటర్వ్యూ’ అయిపోయిందన్నారు. గంటలో ఆఫర్ లెటర్ పీడీఎఫ్ పంపారు. అందులో పేరు, బ్రాంచి, కాలేజీ అన్నీ కరెక్టుగానే ఉన్నాయి. ఉండకేం, రెజ్యూమెలో రాసినవే కదా!

ఎక్కడా డబ్బు అడగలేదు. అందుకే అతనికి అనుమానం రాలేదు. చివర్లో ఒక్క మాట అన్నారు: ‘మీ ఎంప్లాయీ ఐడీ క్రియేట్ అవుతోంది. మీ నంబర్ వెరిఫికేషన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, రెండు నిమిషాల్లో పంపండి. లేట్ అయితే స్లాట్ క్యాన్సిల్ అవుతుంది.’ కోడ్ వచ్చింది. నోటిఫికేషన్‌లో కనిపించిన అంకెలు చూసి పంపేశాడు. కాసేపటికి అతని ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోయింది.

ఆ రాత్రే అతని పేరుతో క్లాస్ ప్లేస్‌మెంట్ గ్రూపులో అదే ఉద్యోగం మెసేజ్ పడింది. ‘నాకు వచ్చింది, మీరూ అప్లై చేయండి’ అని. కొందరికి విడిగా ‘అర్జెంటురా, 4 వేలు ఫోన్‌పే చెయ్, రేపు ఇస్తా’ అని వెళ్లింది. రూమ్మేట్ ఒకడు పంపేశాడు కూడా.

అసలు ఆ కోడ్ దేనిది?

ఇక్కడ ఏం జరిగిందో అర్థమైతే మిగతా మోసాలు కూడా సగం అర్థమైనట్టే. కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసుకున్నప్పుడు అది మన నంబర్ అడుగుతుంది. ఆ నంబర్ మనదేనా అని తేల్చుకోడానికి ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల కోడ్ పంపుతుంది. మోసగాడు తన ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, మనవాడి నంబర్ కొట్టాడు. కోడ్ మనవాడి ఫోన్‌కి వచ్చింది. అది చెప్పేయగానే ఆ అకౌంట్ అవతలి ఫోన్‌లోకి వెళ్లిపోయింది. ఇందులో హ్యాకింగ్ అంటూ ఏమీ లేదు. ఇంటి తాళంచెవి మనమే చేతికిచ్చాం, అంతే.

ఆ ఎస్సెమ్మెస్ పూర్తిగా చదివితే అది వాట్సాప్ కోడ్ అనీ, ఎవరితోనూ పంచుకోవద్దనీ అందులోనే ఉంటుంది. కానీ ఫోన్ నోటిఫికేషన్ అంకెల్నే పైకి చూపిస్తుంది. రెండు నిమిషాల గడువు పెట్టడం వెనక లెక్క ఇదే. మీరు అంకెలు చూడాలి, పక్కనున్న మాటలు చదవకూడదు.

ఇలా పోయినప్పుడు పాత చాట్లు మామూలుగా అవతలివాడి ఫోన్‌లోకి వెళ్లవు. కానీ మీరున్న గ్రూపులు వాడికి కనిపిస్తాయి. స్టూడెంట్ల అకౌంట్లు వాళ్లకి పనికొచ్చేది అందుకే. మన బ్యాంకులో వెయ్యి రూపాయలు లేకపోవచ్చు. కానీ ప్లేస్‌మెంట్ గ్రూపులో ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు వందమందికి పైగా ఉంటారు. వాళ్లంతా మన పేరు చూసి నమ్ముతారు.

కోడ్ అడగరు, కోడ్ ఇస్తారు

‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అనే మాట అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఇంకో రకం మొదలైంది. ఇందులో మీ కోడ్ అడగరు. వాళ్లే ఒక కోడ్ ఇచ్చి, ‘మీ వాట్సాప్‌లో వచ్చే బాక్సులో దీన్ని ఎంటర్ చేయండి, ఇంటర్వ్యూ లింక్ యాక్టివేట్ అవుతుంది’ అంటారు. అది 8 అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్. వాట్సాప్‌ని కంప్యూటర్‌లో కూడా వాడుకోడానికి ఉన్న సదుపాయమే ఇది. మీరు ఆ కోడ్ కొడితే వాళ్ల కంప్యూటర్ మీ అకౌంట్‌కి జోడైపోతుంది.

ఇది మొదటిదానికన్నా ప్రమాదం. ఎందుకంటే మీ ఫోన్‌లో వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది, లాగౌట్ కాదు. అవతల ఎవరో మీ చాట్లు చదువుతూ ఉంటారు, మీకు తెలీదు. కనిపెట్టడం మాత్రం తేలికే. వాట్సాప్‌లో Linked devices తెరవండి. మీరు జోడించని బ్రౌజరో కంప్యూటరో కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. ఇప్పుడే ఒకసారి చూసుకోండి, అర నిమిషం పని.

కాబట్టి పాత సూత్రాన్ని కాస్త మార్చుకోవాలి. కోడ్ చెప్పకూడదన్నది సగమే. వేరేవాళ్లు ఇచ్చిన కోడ్‌ని మన యాప్‌లో కొట్టకూడదన్నది మిగతా సగం.

మరి నిజం కంపెనీలు ఓటీపీ పంపవా?

పంపుతాయి. చిక్కంతా అక్కడే. అప్లికేషన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే ఓటీపీ వస్తుంది. నిజమైన హెచ్ఆర్ వాళ్లు, కన్సల్టెన్సీల వాళ్లు కూడా ఈమధ్య వాట్సాప్‌లోనే పలకరిస్తున్నారు. అందుకే ‘వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి ఫేక్’ అని తీసిపారేయలేం. అలా చేస్తే మంచి ఇంటర్వ్యూ ఒకటి పోవచ్చు.

తేడా ఎక్కడంటే, అసలైన ఓటీపీ మీరు మొదలుపెట్టిన పనికి వస్తుంది. మీరు అడ్రస్ కొట్టి తెరిచిన పేజీలో మీరే టైప్ చేస్తారు. మధ్యలో ఇంకో మనిషికి దాన్ని చాట్‌లో పంపడం, ఫోన్‌లో చదివి వినిపించడం అనే మెట్టే ఉండదు. ఏ కంపెనీ జాయినింగ్ ప్రాసెస్‌కీ మీ వాట్సాప్ కోడ్‌తోగానీ, టెలిగ్రామ్ లాగిన్ కోడ్‌తోగానీ, బ్యాంకు ఓటీపీతోగానీ పని లేదు. అలాగే జీతం వేయడానికి అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ చాలు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోడానికి కాదు.

మెసేజ్ వస్తే ఏం చేయాలి?

నేను జూనియర్లకి చెప్పేది నాలుగు మెట్లు. ఇదే వరసలో చేయండి.

మొదటిది, చాట్‌లోంచి బయటికి రండి. అందులోని లింక్ నొక్కొద్దు. ‘అప్లికేషన్ యాప్’ అంటూ APK ఫైల్ పంపితే అసలే ఇన్‌స్టాల్ చేయొద్దు. అలాంటి యాప్‌కి ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ ఇస్తే మీరు చెప్పకపోయినా కోడ్లు వాళ్లకి చేరతాయి.

రెండోది, కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందేమో చూడండి. వాళ్లు మెయిల్ ఐడీ ఇస్తే @ తర్వాత భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. ఉదాహరణకి కంపెనీ సైట్ example.com అనుకుందాం. అప్పుడు hr@example.com ఆ కంపెనీది. hr@example-careers.com వేరే సైట్, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. hr@example.com.joining-desk.in అన్నదాంట్లో కంపెనీ పేరు ఉన్నా, అసలు యజమాని చివరనున్న joining-desk.in.

మూడోది, ఎదురు అడగండి. కంపెనీ సైట్‌లో ఉన్న మెయిల్‌కి ఆఫర్ లెటర్ జత చేసి, ‘ఇది మీరు పంపిందేనా?’ అని రాయండి. మెసేజ్ చేసిన మనిషి ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం పరిశీలన కాదు, అది వాళ్ల నంబరే. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి కూడా చూపించండి. మెయిల్‌కి జవాబు రావడానికి రెండుమూడు రోజులు పట్టొచ్చు. నిజమైన ఉద్యోగమైతే రెండు రోజులు ఆగుతుంది. ఆగనని తొందరపెడితే అదే మీకు జవాబు.

నాలుగోది, కోడ్ వస్తే అంకెల కన్నా ముందు మాటలు చదవండి. ఎవరు పంపారు, దేనికి పంపారు అని. మీరు ఏమీ మొదలుపెట్టకుండా కోడ్ వస్తే ఎవరో మీ నంబర్‌తో లాగిన్ అవ్వాలని చూస్తున్నారని అర్థం. మీరు చెప్పనంతవరకు దాంతో వాళ్లేమీ చేయలేరు, వదిలేయండి.

వీటన్నిటికీ ముందే చేసి పెట్టుకోవాల్సింది ఒకటుంది. వాట్సాప్ Settings లో Account కి వెళ్లి Two-step verification ఆన్ చేసి, మీకు గుర్తుండే ఆరంకెల పిన్ పెట్టుకోండి. అప్పుడు పొరపాటున ఎస్సెమ్మెస్ కోడ్ చెప్పేసినా, కొత్త ఫోన్‌లో ఆ పిన్ కూడా అడుగుతుంది. అయితే ఇది Linked devices మోసాన్ని ఆపదు. దాన్ని మీరే చూసుకోవాలి.

చెప్పేశాక తెలిస్తే?

మన జూనియర్ మొదటి అరగంట వాట్సాప్ హెల్ప్ పేజీలు వెతకడంలో పోగొట్టుకున్నాడు. చేయాల్సింది వెంటనే మీ ఫోన్‌లో మళ్లీ మీ నంబర్‌తో రిజిస్టర్ అవ్వడం. సిమ్ మీ దగ్గరే ఉంది కాబట్టి కొత్త కోడ్ మీకే వస్తుంది. అది కొట్టగానే అవతలివాడు లాగౌట్ అవుతాడు. వాడు ఈలోపు సొంత పిన్ పెట్టేసి ఉంటే, మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాల్సి వస్తుంది. మనవాడికి అదే జరిగింది. అయినా ఆ కోడ్ కొట్టాక వాడు మాత్రం బయటే ఉంటాడు, కాబట్టి ఆ పని మానొద్దు.

ఈలోగా ఫ్రెండ్ ఫోన్ నుంచి గ్రూపుల్లో ‘నా పేరుతో వచ్చేవి నమ్మొద్దు’ అని పెట్టించండి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే, పంపినవాళ్లే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. ట్రాన్సాక్షన్ నంబరు, టైము, ఎంత పంపారో దగ్గర పెట్టుకోండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారేలోపు చెబితేనే ఆపించే అవకాశం ఎక్కువ. డబ్బు పోకుండా మెసేజ్ మాత్రమే వస్తే sancharsaathi.gov.in లో ‘చక్షు’ విభాగంలో ఆ నంబర్‌ని రిపోర్ట్ చేయొచ్చు. సిగ్గేసి చాట్ డిలీట్ చేయొద్దు, ఫిర్యాదుకి సాక్ష్యం అదే.

రూమ్మేట్ ఆ రాత్రి ఫోన్ చేయలేదు. ‘నాలుగు వేలే కదా, పరువు పోతుంది’ అనుకుని మర్నాడు మధ్యాహ్నం చేశాడు. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. జూనియర్ ఆ డబ్బు రెండు నెలల్లో సర్ది ఇచ్చాడు. ఇప్పుడు వాళ్ల ప్లేస్‌మెంట్ గ్రూపులో ఒక రూల్ పెట్టుకున్నారు: ఎవరు ఉద్యోగం పోస్ట్ చేసినా కంపెనీ కెరీర్స్ పేజీ అడ్రస్ కూడా పెట్టాలి. అది లేని పోస్టుని అడ్మిన్ తీసేస్తాడు.