గడువు అడిగితే సీటు పోదు

అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్ళే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో, వాళ్ళను పంపే కన్సల్టెన్సీల్లో ఒక సలహా గట్టిగా పాతుకుపోయింది. అడ్మిషన్ ఆఫీసుకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఏదైనా సమయానికి చేతికి రాకపోతే నోరెత్తొద్దంటారు. అడిగితే ఫైలు బయటికి తీస్తారట, అనుమానపడతారట, సీటు రద్దు చేస్తారట. ఊరుకుంటే అన్ని వేలమందిలో మన సంగతి ఎవరికి గుర్తుంటుంది అని ధైర్యం కూడా చెబుతారు. ఇక అడగక తప్పకపోతే, చదివినవాళ్ళ కళ్ళు చెమర్చేలా రాయమంటారు. ఈ రెండింట్లో మొదటి సలహా ప్రమాదం, రెండోది దండగ.

ముందు ఆ "ఎవరికి గుర్తుంటుంది" సంగతి చూద్దాం. అక్కడ ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. చాలా యూనివర్సిటీలు స్కాన్ చేసిన మార్కుల మెమోలు చూసే అడ్మిషన్ ఇస్తాయి. డిగ్రీ పూర్తయినట్టు చూపే అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్టు ఫలానా తేదీలోగా రావాలని షరతు పెడతాయి. ఆ షరతు ప్రతి విద్యార్థి పేరు ఎదురుగా కంప్యూటర్లో ఉంటుంది. తేదీ దాటితే రిజిస్ట్రేషన్‌కు హోల్డ్ పడుతుంది. ఆగస్టులో మొదలైన సెమిస్టర్ సాఫీగానే సాగుతుంది కాబట్టి మరిచిపోయారనే అనుకుంటారు మనవాళ్ళు. అక్టోబరు, నవంబరుల్లో స్ప్రింగ్ సెమిస్టర్ కోర్సులు ఎంచుకోబోతే అప్పుడు తెలుస్తుంది, సిస్టమ్ ఒప్పుకోవడం లేదని. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్ళు ఫుల్ టైమ్ చదువుతూ ఉండాలి. రిజిస్టర్ కాకపోతే ఆ సంగతి ప్రభుత్వ రికార్డు అయిన సెవిస్‌లోకి ఎక్కుతుంది. సెప్టెంబరులో ఒక ఈమెయిల్‌తో తేలే వ్యవహారం జనవరికి వీసా తగాదా అవుతుంది.

ఇక అనుమానం సంగతి. ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టు రానప్పుడు ఆఫీసుకు వచ్చే మొదటి సందేహం ఒకటే: ఈ మనిషి అసలు పాసయ్యాడా, బ్యాక్‌లాగ్ ఏమైనా మిగిలిందా? పాసై, కాగితం కోసం ఎదురుచూస్తూ మౌనంగా ఉన్నవాడూ, ఫెయిలై ఆ సంగతి దాచినవాడూ ఆఫీసు జాబితాలో ఒకేలా కనబడతారు. ఆ ఇద్దరినీ వేరుచేయగలిగింది ముందుగా రాసిన ఉత్తరమే. అనుమానానికి భయపడి ఊరుకోవడమంటే ఆ అనుమానాన్ని మన చేతులతో మనమే పెంచడం.

అయితే ఉత్తరంలో ఏముండాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ చేసిన అమ్మాయి. జులైలో ఫలితాలొచ్చాయి, అన్నీ పాస్. ప్రొవిజనల్ సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోలో మాత్రం ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది పదో తరగతి మెమోతోనూ పాస్‌పోర్టుతోనూ కలవదు. తప్పు దిద్దాకే ట్రాన్‌స్క్రిప్టు తీసుకోవాలని వాళ్ళ నిర్ణయం, అది మంచి నిర్ణయమే. అమ్మాయి అమెరికాలో ఉంది, కాలేజీ చుట్టూ తిరిగేది నాన్న. యూనివర్సిటీ పెట్టిన గడువు సెప్టెంబరు 30. ఆమె సెప్టెంబరు 12న ఇలా రాస్తుంది:

"నా స్టూడెంట్ నంబరు ఇది, ఈ ప్రోగ్రామ్‌లో ఫాల్ సెమిస్టర్‌లో చేరాను. నేనివ్వాల్సింది ఫైనల్ అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్టు ఒక్కటే. జులైలో డిగ్రీ పూర్తయింది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతచేశాను. మార్క్స్ మెమోలో నా ఇంటిపేరు తప్పుగా అచ్చయింది. దిద్దమని సెప్టెంబరు 8న కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాను. ప్రిన్సిపాల్ పంపిన లేఖ, ఫీజు రసీదు, తప్పున్న మెమో, పదో తరగతి మెమో జతచేశాను. దిద్దిన మెమో రావడానికి సుమారు 4 వారాలు పడుతుందన్నారు. నవంబరు 7 వరకు గడువు ఇచ్చి, స్ప్రింగ్ రిజిస్ట్రేషన్‌కు హోల్డ్ అడ్డురాకుండా చూడగలరా?"

ఇందులో కన్నీళ్ళు లేవు, అమ్మమ్మ అనారోగ్యం లేదు. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలియాల్సినవి రెండే: డిగ్రీ ఉందా, కాగితం ఎప్పుడొస్తుంది? మొదటిదానికి ప్రొవిజనల్ సర్టిఫికెట్, రెండోదానికి రసీదు జవాబు చెబుతున్నాయి. కారణమూ రుజువూ ఒకే వ్యవహారానికి చెందడం ముఖ్యం. ఇంట్లో ఎవరికో బాగాలేదని కారణం చెప్పి కొరియర్ రసీదు జతచేస్తే, ఆ రసీదు ఆ కారణాన్ని నిలబెట్టదు. పేరు తప్పు అని చెప్పి తప్పున్న మెమోనే చూపిస్తే వివరణ అక్కర్లేదు.

తేదీ దగ్గర మనవాళ్ళు రెండు రకాలుగా చెడగొట్టుకుంటారు. "వీలైనంత త్వరలో" అని రాసేవాళ్ళు కొందరు. కంప్యూటర్లో గడువు మార్చాలంటే తేదీ కావాలి, వీలైనంత త్వరలో అనేది ఏ గడిలోనూ పట్టదు. మరికొందరు మొహమాటానికి పది రోజులే అడిగి, ఆనక మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ఈ అమ్మాయి లెక్క చూడండి. మెమోకు 4 వారాలంటే అక్టోబరు మొదటి వారం, మధ్యలో దసరా సెలవులు. తర్వాత ట్రాన్‌స్క్రిప్టుకు దరఖాస్తు, సీల్ వేసిన కవరు, వారం రోజుల కొరియర్, అక్కడ కవరు విప్పి ఎక్కించడానికి ఇంకొన్నాళ్ళు. అందుకే నవంబరు 7. ఒకసారి సరిపడా అడిగి మాట నిలబెట్టుకుంటే, మూడుసార్లు కొంచెం కొంచెం అడిగిన దానికంటే విలువ ఎక్కువ. మధ్యలో దిద్దిన మెమో చేతికొస్తే ఆ స్కాన్ పంపాలి. తేదీ తప్పేలా ఉంటే తప్పకముందే చెప్పాలి.

ఉత్తరం విద్యార్థే రాయాలి, అదీ యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిల్ నుంచి. చేరిన విద్యార్థి రికార్డుల గురించి, అనుమతి లేకుండా, తండ్రితోనైనా కన్సల్టెన్సీతోనైనా మాట్లాడటానికి 1974 నాటి ఫెర్పా చట్టం ఒప్పుకోదు. "మేము మాట్లాడతాంలే" అనే కన్సల్టెంటు మెయిలుకు జవాబు రాకపోవడానికి కారణం ఇదే.

ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం చేసుకోలేనిదేం కాదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో రిపోర్టింగ్ తేదీ దాటితే సీటు పోతుంది, ఎంత మంచి కారణం చెప్పినా అంతే. అది న్యాయమే, ఎందుకంటే ఆ సీటు కోసం తర్వాతి ర్యాంకువాడు కాచుకుని ఉన్నాడు. అక్కడ ఉత్తరం రాసి లాభం లేదు, నిబంధనల్లోనే దారి ఉందేమో వెతకాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ దరఖాస్తులో ఓబీసీ సర్టిఫికెట్ అందకపోతే డిక్లరేషన్ ఇచ్చే వీలుండటం అలాంటిదే. కానీ చేరిపోయిన విద్యార్థి ట్రాన్‌స్క్రిప్టు ఆలస్యమైతే వెనక ఎవరూ కాచుకుని లేరు. ఈ తేదీ మీద ఇంకొకరి సీటు ఆధారపడి ఉందా అన్న ప్రశ్న వేసుకుంటే, ఎక్కడ అడగాలో ఎక్కడ అడగకూడదో తేలిపోతుంది.

అడిగినా కాదనే ఆఫీసులు ఉండవచ్చు. సెప్టెంబరులో కాదంటే, కొరియర్ మార్చుకోవడానికో, పరీక్షల విభాగం నుంచి నేరుగా ధ్రువీకరణ పంపించుకోవడానికో ఇంకా వ్యవధి ఉంటుంది. నవంబరులో హోల్డ్ చూశాక ఆ వ్యవధీ ఉండదు. మౌనంగా ఉండమన్నవాళ్ళ పని పిల్లను విమానం ఎక్కించడంతో పూర్తయింది, వాళ్ళ ఫీజూ ముట్టింది. హోల్డ్ పడేది వాళ్ళ మీద కాదు.