ఉప్పు చౌక, మాత్ర ఖరీదు: మారని గిరాకీలోని తేడా

2022 ఏప్రిల్‌లో అత్యవసర మందుల గరిష్ఠ ధరలను 10.77 శాతం వరకు పెంచుకోవడానికి కంపెనీలకు అనుమతి దొరికింది. మరుసటి ఏప్రిల్‌లో ఆ పరిమితి 12.12 శాతం. టోకు ధరల సూచీ ఎంత పెరిగితే మందుల గరిష్ఠ ధరను అంత పెంచుకోవచ్చన్న నిబంధన ప్రకారం జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఏటా చేసే ప్రకటన ఇది. అన్ని కంపెనీలూ పూర్తిగా పెంచాయని కాదు. పెంచినచోట మాత్రం రెండేళ్ల ముందు 100 రూపాయలున్న మందు 124 రూపాయలకు చేరింది.

టమాటా ధర ఈ మాత్రం పెరిగితే కిలో కొనేవారు అరకిలోతో సరిపెట్టుకుంటారు, చింతపండుతో చారు పెట్టుకుంటారు. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకునే మనిషి మాత్రం ధర 24 శాతం పెరిగిందని నెలకు 30 మాత్రలకు బదులు 23 కొనడు. ధర మారినప్పుడు కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలతను అర్థశాస్త్రం డిమాండ్ వ్యాకోచత్వం అంటుంది. కొనుగోలులో వచ్చిన శాతం మార్పును ధరలో వచ్చిన శాతం మార్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. ధర పెరిగితే కొనుగోలు తగ్గుతుంది కాబట్టి దాని ముందు రుణ గుర్తు ఉంటుంది. గుర్తును పక్కనపెట్టి చూస్తే, అంకె ఒకటి కంటే ఎక్కువైతే వ్యాకోచ డిమాండ్, తక్కువైతే అవ్యాకోచ డిమాండ్.

ఆ అంకె అమ్మేవారికి ఏం చెబుతుందో చూద్దాం. ఒక దుకాణంలో 10 రూపాయల చొప్పున 100 ప్యాకెట్లు అమ్ముడవుతున్నాయి, రాబడి 1,000 రూపాయలు. ధరను 11 రూపాయలు చేశారు, అంటే 10 శాతం పెంచారు. వ్యాకోచత్వం 2 అయితే అమ్మకం 20 శాతం తగ్గి 80 ప్యాకెట్లకు పడిపోతుంది, రాబడి 880 రూపాయలే. ధర పెంచినవాడు నష్టపోయాడు. వ్యాకోచత్వం 0.1 అయితే అమ్మకం ఒక శాతమే తగ్గుతుంది. 99 ప్యాకెట్లకు 1,089 రూపాయలు వస్తాయి. ఇక్కడ ధర పెంచినవాడికి లాభమే తప్ప నష్టం లేదు. మామూలు సరుకుల్లో కొనేవాడు వెనక్కి తగ్గడమే అమ్మేవాడికి కళ్లెం. అవ్యాకోచ డిమాండ్ ఉన్న సరుకులో ఆ కళ్లెం ఉండదు.

దీనికి పాఠ్యపుస్తకాలు ఇచ్చే మొదటి ఉదాహరణ ఉప్పు. మనిషికి రోజుకు 10 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 1,200 గ్రాముల ఉప్పు కావాలి. కిలో 25 రూపాయలనుకుంటే ఖర్చు 30 రూపాయలు. ధర రెట్టింపైతే ఇంకో 30. ఇరవై వేల ఆదాయమున్న ఇంట్లో ఆ తేడా ఎవరి లెక్కకూ రాదు. పైగా కూరలో ఉప్పుకు బదులు వేసేది ఇంకొకటి లేదు. ధర సగానికి పడిపోయినా రెండు చెంచాలు ఎక్కువ వేసుకోలేం. ప్రత్యామ్నాయం లేకపోవడం, బడ్జెట్‌లో వాటా అతి చిన్నది కావడం, అవసరం ఒక మోతాదు దగ్గర ఆగిపోవడం అనే మూడు కారణాలూ ఉప్పులో కలిసి వస్తాయి. 2016 నవంబరులో, పెద్ద నోట్ల రద్దు జరిగిన మూడు రోజులకు, ఉప్పు దొరకదన్న పుకారు పుట్టింది. ఉత్తరాదిలో కొన్నిచోట్ల కిలో 200 రూపాయలకు పైగా పలికినా జనం ఎగబడి కొన్నారు.

ఈ లక్షణాన్ని వాడుకోవడం బ్రిటిష్ ప్రభుత్వానికి బాగా తెలుసు. 1923లో లోటు పూడ్చుకోవడానికి అది ఉప్పు పన్నును సుమారు 37 కిలోల మణుగుకు రూపాయి నాలుగణాల నుంచి రెండు రూపాయల ఎనిమిదణాలకు, అంటే సరిగ్గా రెట్టింపు చేసింది. కేంద్ర శాసనసభ తిరస్కరిస్తే వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలు చేశాడు. వ్యతిరేకత తట్టుకోలేక మరుసటి ఏడాదే పాత రేటుకు దిగిరావాల్సి వచ్చింది. పన్ను వేయడానికి ఉప్పునే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. కొనుగోలు తగ్గదు కాబట్టి రాబడి దాదాపు పన్నుతో పాటే పెరుగుతుంది. కోటీశ్వరుడూ కూలీ తినే ఉప్పు దాదాపు ఒకటే కాబట్టి ఆ భారం ఎక్కువగా కూలీ మీదే పడుతుంది.

అయితే ఉప్పు గిరాకీ పూర్తిగా కదలనిదేమీ కాదు. పన్ను ఎక్కువగా ఉన్న కాలంలో పేదలు చాలినంత ఉప్పు కూడా తినలేకపోతున్నారని గోపాలకృష్ణ గోఖలే వైస్రాయ్ శాసనమండలిలో పట్టుబట్టి వాదించారు. 1903 నుంచి 1907 మధ్య పన్ను రెండున్నర రూపాయల నుంచి అంచెలంచెలుగా ఒక రూపాయికి దిగింది, వాడకం పెరిగింది. సగటు అంకె చిన్నదే కావచ్చు. దాని కింద అతి పేదల కోత దాగి ఉంటుంది. మందుల విషయంలో ఇది మరింత గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉప్పు గిరాకీ అంత అవ్యాకోచమైతే, ఉప్పు కంపెనీలు ధరను ఇష్టం వచ్చినట్టు పెంచడం లేదెందుకు? ఉప్పు ధరకు మందులకున్నట్టు గరిష్ఠ పరిమితి కూడా లేదు కదా? జవాబు కిరాణా కొట్టు అల్మారాలో ఉంది. ఉప్పు గిరాకీ అవ్యాకోచమే కానీ ఏ ఒక్క బ్రాండు గిరాకీ అలాంటిది కాదు. ఒక కంపెనీ ప్యాకెట్‌కు 10 రూపాయలు పెంచితే పక్కనే ఉన్న ఇంకో ప్యాకెట్ మీద చేయి పడుతుంది. ఎంచుకునేది, డబ్బు కట్టేది, వాడేది ఒకే మనిషి. రెండు ప్యాకెట్లలోనూ ఉన్నది ఉప్పేనని ఆ మనిషికి తెలుసు.

మందుల దుకాణంలో ఈ మూడు పనులూ విడిపోతాయి. ఎంచుకునేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌నే తీసుకుంటే, అదే మందును ఎన్నో కంపెనీలు వేర్వేరు పేర్లతో వేర్వేరు ధరలకు అమ్ముతాయి. ఉప్పులాగే ఇక్కడా పోటీ పనిచేయాలి. కానీ చీటీ మీద ఉండేది సాధారణంగా బ్రాండు పేరు. ఆ పేరు వెనక ఉన్న మందేమిటో రోగికి తెలియదు. తెలిసిన ఫార్మసిస్టు ఇవ్వబోయినా, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో ఒక బ్రాండుకు బదులు అదే మందున్న ఇంకో బ్రాండును ఇవ్వడానికి ఔషధ నిబంధనలు ఒప్పుకోవు. దాంతో మందుకు సహజంగా ఉండే అవ్యాకోచత్వం బ్రాండుకు కూడా అంటుకుంటుంది. కంపెనీల పోటీ ధర తగ్గించడంలో కాకుండా డాక్టరును ఒప్పించడంలో సాగుతుంది. జన ఔషధి దుకాణాల్లో అవే మందులు బ్రాండు ధరకంటే 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతున్నాయని ప్రభుత్వమే చెబుతోంది. ఆ తేడా ఎక్కువగా మందు తయారీ ఖర్చుది కాదు, పేరుది.

ఈ వెలుగులో మన ధరల నియంత్రణను చూడాలి. 1995 నాటి ఉత్తర్వు తయారీ ఖర్చును లెక్కగట్టి దాని మీద పరిమిత లాభం కలిపి ధర నిర్ణయించేది. 2013 ఉత్తర్వు దాన్ని మార్చింది. జాతీయ అత్యవసర మందుల జాబితాలోని ఒక్కో మందుకు, మార్కెట్‌లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండులన్నీ చిల్లర వ్యాపారికి ఏ ధరకు ఇస్తున్నాయో చూసి సగటు తీస్తారు. దానికి వ్యాపారి లాభం 16 శాతం కలిపితే గరిష్ఠ ధర. మార్కెట్ ధరే సరైన ధరకు ఆనవాలన్నది దీని వెనక ఉన్న ఊహ. ఉప్పులో అయితే ఆ ఊహ నిజం. కొనేవాడు ఎంచుకునే చోట మార్కెట్ ధర ఖర్చుకు దగ్గరగానే ఉంటుంది. ఎంచుకోలేని చోట మార్కెట్ ధర చెప్పేది, రోగి ఎంతవరకు భరించాడన్నదే. దాని సగటును గరిష్ఠ ధర చేస్తే, సగటు కంటే పైనున్న బ్రాండులు కిందికి దిగుతాయి, అంతే. ఆ సగటు ఖర్చుకు ఎంత ఎత్తున ఉందో ఎవరూ అడగరు. జాబితాలో లేని మందులకైతే ఈ పరిమితి కూడా లేదు. ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఒక్కటే ఉంది.

అలాగని ధరను ఎంతైనా తొక్కిపెట్టవచ్చనుకుంటే పొరపాటు. కొనేవాడి గిరాకీ కదలకపోయినా తయారీదారు సరఫరా కదులుతుంది. 2024 అక్టోబరులో నియంత్రణ సంస్థ ఎనిమిది మందుల గరిష్ఠ ధరలను 50 శాతం పెంచింది. వాటిలో ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, మానసిక వ్యాధులకు వాడే లిథియం, బెంజైల్ పెన్సిలిన్ ఉన్నాయి. ముడి ఔషధాల ఖర్చు పెరిగి, ఆ ధరకు గిట్టక కంపెనీలు తయారీ మానుకోవడానికి సిద్ధపడటమే కారణం. అన్నీ చౌకైన పాత మందులే. సగటు ధర విధానం ఖరీదైన బ్రాండు దగ్గర మరీ ఉదారంగా, చౌక మందు దగ్గర మరీ బిగువుగా ఉంటుందని ఈ ఉదంతం చెబుతోంది. రెండుచోట్లా లోపం ఒకటే, ఖర్చును చూడకపోవడం.

డాక్టర్లు మందు అసలు పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది. నాణ్యతకు ఎవరు పూచీ అని వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పడంతో అదే నెలలో దాన్ని పక్కనపెట్టింది. ఆ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. రెండు ఉప్పు ప్యాకెట్లు ఒకటేనని నమ్మినట్టు రెండు కంపెనీల మాత్రలు ఒకటేనని రోగీ, డాక్టరూ నమ్మాలంటే ప్రతి బ్యాచ్ మీదా గట్టి పరీక్ష ఉండాలి. ఆ నమ్మకం కుదిరితే బ్రాండుల మధ్య గిరాకీ కదలడం మొదలవుతుంది, అప్పుడు ఉప్పును చౌకగా ఉంచిన పోటీయే మాత్రనూ చౌక చేస్తుంది.

అందాకా అమ్మకాలు తగ్గలేదన్న అంకెను చూసి ధరలు జనానికి అందుబాటులోనే ఉన్నాయని లెక్క వేయకూడదు. అవ్యాకోచ డిమాండ్ అంటే కొనేవాడు ధరకు ఒప్పుకున్నాడని కాదు. మందు మానలేక ఆ ఇల్లు పాలు, పండ్లు, పిల్లల ఫీజుల్లో కోత పెట్టుకుంది. అదీ చాలని ఇంట్లో రోజుకు రెండు మాత్రలు ఒకటవుతాయి. ఆ కోత మందుల అమ్మకాల సగటులో లీలగా కూడా కనిపించదు. కొన్నేళ్ల తర్వాత ఆసుపత్రిలో, డయాలసిస్ పడక మీద కనిపిస్తుంది.